లగ్గం మెసేజ్‌లో కొట్టేసిన పేర్లు



మనువాదాన్ని మనం పెద్ద పెద్ద పుస్తకాలల్ల వెతుకుతుంటం. ఈసారి చిన్నదాంట్ల వెతుకుదాం. లగ్గం పత్రికను వాట్సాప్‌ల పంపేటందుకు పొట్టిగ చేసిన మెసేజ్‌ల. పత్రికల ముప్పై లైన్లు ఉంటయి, అందరికీ జాగ దొరుకుతది. మెసేజ్‌ల ఐదు లైన్లే. ఆ ఐదు లైన్లల్ల ఎవలిని ఉంచినం, ఎవలిని కొట్టేసినం అన్నది చూస్తే మన తలకాయల ఎవలు కూసున్నరో తెలుస్తది.

మన నందిపేట్ దిక్కు ఈ పొట్టి మెసేజ్ షోకు కోసం పుట్టింది కాదు. వాడలో ప్రతి రెండో ఇంటి పిలగాడు దుబాయ్‌ల, మస్కట్‌ల, దోహల ఉంటడు. ఆయనకు అచ్చు పత్రిక పోదు. పత్రిక ఫోటో తీసి పంపితే చిన్నచిన్న అక్షరాలు క్యాంపుల మంచం మీద పండుకోని చదవలేడు. ఇంటికాడ అవ్వకు చదువు రాదు, మెసేజ్ అయితే ఎవలన్న చదివి చెప్తరు. అందుకే డిగ్రీ చదివే తమ్మునికో చెల్లెకో పని చెప్తరు: "బిడ్డా, కార్డుల ఉన్నది జర పొట్టిగ రాసి గ్రూపుల పెట్టు." ఆ కత్తెర మీ చేతుల ఉన్నది కాబట్టి ఇది మీకోసమే రాస్తున్న.

ముందుగాల పత్రికను చూద్దాం. ఇది ఏ ఒక్క ఇంటిది కాదు. మన దగ్గర ప్రెస్సులల్ల ఏండ్ల సంది అచ్చయితున్న నమూనా. పేర్ల కాడ ఫలానా అని పెట్టిన. తారీఖు మాత్రం 2025 అక్షయ తృతీయది తీసుకున్న, ఆ దినం లగ్గాలు ఎక్కువ అయితయి గనక.

"శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. శ్రీ వేంకటేశ్వర స్వామి వారి దివ్య కృపాకటాక్షములచే, స్వస్తిశ్రీ చాంద్రమాన విశ్వావసు నామ సంవత్సర వైశాఖ శుద్ధ తదియ బుధవారం, అనగా తేది 30-04-2025 రోజున ఉదయం 11-36 నిమిషములకు రోహిణీ నక్షత్రయుక్త కర్కాటక లగ్న పుష్కరాంశమందు, నందిపేట్ వాస్తవ్యులు శ్రీమతి ఫలానా, శ్రీ ఫలానా గార్ల ద్వితీయ పుత్రిక చి.ల.సౌ. ఫలానాను, బోధన్ వాస్తవ్యులు శ్రీమతి ఫలానా, శ్రీ ఫలానా గార్ల జ్యేష్ఠ పుత్రుడు చి. ఫలానాకు ఇచ్చి వివాహము జరిపించుటకు దైవజ్ఞులు, పెద్దలు నిశ్చయించినారు. కావున తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, వధూవరులను ఆశీర్వదించి, మా ఆతిథ్యమును స్వీకరించి మమ్ములను ఆనందింపజేయగలరని ప్రార్థన. వివాహ వేదిక: స్వగృహము, అంబేద్కర్ కాలనీ, నందిపేట్. విందు: మధ్యాహ్నం 12-30 గం.లకు. ఆహ్వానించువారు: తల్లిదండ్రులు, నాయనమ్మ, పెదనాయన–పెద్దమ్మ, చిన్నాయన–చిన్నమ్మ, మేనమామలు. బంధుమిత్రుల అభినందనలతో."

ఇప్పుడు దీన్ని మన పిలగాండ్లు కత్తిరిస్తే ఎట్ల వస్తదో చూడుండ్రి. ఇటువంటివి మీ గ్రూపులల్ల బొచ్చెడు ఉంటయి.

"శుభ ముహూర్తం. తేది 30-04-2025 బుధవారం ఉ. 11-36 ని.లకు రోహిణీ నక్షత్రయుక్త కర్కాటక లగ్నమందు శ్రీ ఫలానా గారి కూతురు చి.ల.సౌ. ఫలానా వివాహం చి. ఫలానాతో. వేదిక: నందిపేట్. దీనినే స్వయంగా పిలిచినట్టుగా భావించి రాగలరు. అందరూ ఆహ్వానితులే."

రెండిటినీ పక్కపక్కన పెట్టి చదవండి. నక్షత్రం మిగిలింది. లగ్నం మిగిలింది. పోయింది ఎవలు? అమ్మ పోయింది. నాయనమ్మ పోయింది. మేనమామలు పోయిండ్రు. అంబేద్కర్ కాలనీ పోయింది. బువ్వ టైం పోయింది. ఐదు లైన్లల్ల జాగ లేదని కన్నతల్లిని తీసేసినోడు, కర్కాటక లగ్నానికి మాత్రం జాగ చూసిండు. ఆ మెసేజ్ అందుకున్న రెండు వందల మందిల కర్కాటక లగ్నం అంటే ఏందో చెప్పగలిగేటోళ్లు ఎంతమంది? రాసినోనికే తెల్వది. తెల్వకపోయినా తీసేయాలంటే చెయ్యి వణికింది. అమ్మ పేరు తీసేయాలంటే వణకలే.

"అన్నా, అది కావాలని చేసింది కాదు, అలవాటు" అంటరు. అలవాటు సంగతే చెప్తున్న. కావాలని చేస్తే కొట్లాడొచ్చు. అలవాటును ముందుగాల కనిపెట్టాలె.

లగ్నం అన్నదాంట్ల ఏమున్నదో చెప్త. తూర్పు దిక్కున ఆ గడియకు ఏ రాశి పొడుస్తున్నదో అది లగ్నం. దినానికి పన్నెండు రాశులూ తిరుగుతయి గనక ఒక్కొక్కటి సుమారు రెండు గంటలు ఉంటది. పుష్కరాంశం అంటే ఆ రెండు గంటలల్ల మంచిదని లెక్కగట్టిన చిన్న ముక్క. ఇదంతా లెక్కగట్టి చెప్పినాయనకు పనికొచ్చే సంగతి. పిలిపించుకున్న చుట్టానికి కావాల్సింది ఒక్కటే, గడియారంల ఎంత అయినంక తలంబ్రాలు పడుతయి అని. పదకొండు ముప్పై ఆరు అని రాసినంక కర్కాటకం దేనికి? ఇంకో సంగతి. "వైశాఖ శుద్ధ తదియ", "బుధవారం", "30-04-2025" మూడూ ఒక్క దినాన్నే చెప్తయి. చుట్టం బస్సెక్కేది తారీఖును చూసి, వారాన్ని చూసి. తిథిని చూసి కాదు.

అయితే నేను లగ్నమే తప్పు, నమ్మకం ఉన్నోళ్లు పెట్టుకోవద్దు అని ఇక్కడ పంచాయితీ పెడుతలేను. పంతులును పిలవకుండ పెండ్లి చేసుకోవచ్చని 1873లనే మహాత్మా ఫూలే సత్యశోధక్ సమాజ్ పెట్టి చేసి చూపించిండ్రు. బాబాసాహెబ్ 1948 ఏప్రిల్ 15న ఢిల్లీల రిజిస్టర్ పెండ్లి చేసుకున్నరు. ఆ తొవ్వల పోయేటోళ్లు పోతున్నరు. నేను అడిగేది అంతకన్న చిన్నది. మీ ఇంట్ల పెద్దలకు ముహూర్తం కావాలంటే పత్రికల ఉండనీయండి. మెసేజ్‌ల జాగ తక్కువ ఉన్నప్పుడు ముందుగాల ఎవలు దిగాలె అని అడుగుతున్న.

ఇప్పుడు మన దిక్కే చూసుకుందాం. బోధన్ దాటితే నాందేడ్ జిల్లా. అటు మన చుట్టాలల్ల బౌద్ధం తీసుకున్నోళ్లు నీలి రంగు పత్రికలు కొట్టిస్తరు, మీద బుద్ధుడు, బాబాసాహెబ్ ఫోటోలు. అవి చూసి మన దగ్గర కూడ కొందరు కొట్టిస్తున్నరు. సంతోషమే. చర్చికి పోయేటోళ్ల పత్రికల మీద ప్రభువు పేరు, బైబిల్ వాక్యం ఉంటది. అదీ వాళ్ల ఇష్టం. కాని మీద ఫోటో మారింది, కింద వాక్యం మారలేదు. నీలి కార్డుల కూడ "చి.ల.సౌ. ఫలానాను చి. ఫలానాకు ఇచ్చి" అనే ఉంటది.

ఆ "ను", ఆ "కు" దిక్కు ఒక్కసారి చూడండి. బర్రెను బేరగానికి ఇచ్చినప్పుడు కూడ మనం ఇట్లనే అంటం, ఫలానా బర్రెను ఫలానాయనకు ఇచ్చినం. ఇచ్చేటోళ్లు ఒకలు, తీసుకునేటోడు ఒకడు, నడుమ ఒక వస్తువు. కన్యాదానం అన్న మాట పత్రికల ఎక్కడా లేకున్నా, వ్యాకరణంల ఉన్నది. డిగ్రీ చదివి, పోలీస్ రాతపరీక్షకు తయారయితున్న మన చెల్లె ఆ వాక్యంల కర్త కాదు. ఇక "చి." అంటే చిరంజీవి, ఇద్దరికీ ఉన్నది. "ల.సౌ." అంటే లక్ష్మీ సౌభాగ్యవతి, ఆమెకే ఉన్నది. సౌభాగ్యం అంటే మొగడు బతికుండటం. పెండ్లి కాకముందే మొగని ఆయుష్షును ఆమె పేరు ముందల కట్టిండ్రు.

మెసేజ్ రాసేటప్పుడు ఇది సరిచేయటం ఎంత అలకగనో చూడండి. "ఫలానా, ఫలానా పెండ్లి చేసుకుంటున్నరు." అయిపోయింది. ఇద్దరూ కర్తలు. అక్షరాలు కూడ తగ్గినయి.

ఇగ అమ్మ సంగతికొద్దాం. దీని మీద జర ఎక్కువసేపు ఉంట.

నిజామాబాద్ జిల్లాల మన ఇండ్లల్ల బీడీలు చేసేది ఎవలు? అమ్మలు, అక్కలు, అవ్వలు. చాటల ఆకు, తంబాకు పెట్టుకోని, కత్తిరించిన ఆకును చుట్టి, దారం కట్టి, దినమంత నడుము వంచి వెయ్యి బీడీల లెక్క జూసుకునేది వాళ్లు. నాయిన గల్ఫ్‌ల ఉంటే ఇంటి పెత్తనం, సంగం చిట్టీ, అప్పు, పిల్లల ఫీజు అన్నీ అమ్మ మీదనే. లగ్గానికి చీటీ ఎత్తేది ఆమె. బంగారం కుదువబెట్టేది ఆమె. ఆఖరుకు మెసేజ్‌ల "శ్రీ ఫలానా గారి కూతురు" అని వస్తది.

సర్కారు సంగతి చూడండి. 2014 అక్టోబర్ 2న తెలంగాణల కల్యాణలక్ష్మి మొదలైంది, ముందుగాల 51 వేలు, తర్వాత పెంచుకుంట 2018ల 1,00,116 రూపాయలు చేసిండ్రు. ఆ చెక్కు ఎవలి పేరు మీద వస్తది? పెండ్లిపిల్ల తల్లి పేరు మీద. ఎమ్మెల్యే ముందల నిలబడి చెక్కు అందుకునేది ఆమె. ఓట్ల కోసమే పెట్టిన పథకం అనుకున్నా సరే, ఆ కాగితం మీద ఆమె పేరు ఉన్నది. సర్కారు చెక్కు మీద ఉన్న పేరు, కొడుకు రాసిన మెసేజ్‌ల లేదు.

నాయిన చనిపోయిన ఇండ్లల్ల ఇంకో తీరు. పత్రికల "కీ.శే. ఫలానా గారి పుత్రిక" అని రాసి, ఆహ్వానించువారి కాడ చిన్నాయన పేరు పెడుతరు. బతికున్న తల్లి పేరు ఉండదు, సచ్చిపోయిన తండ్రి పేరు ఉంటది. ఆమె బొట్టు పెట్టి పిలవటానికి కూడ పోవద్దంటరు, ముత్తయిదువే పోవాలంటరు. అంటే అచ్చుల లేదు, మెసేజ్‌ల లేదు, గడప ముందల కూడ లేదు. బిడ్డను సాకింది మాత్రం ఆమెనే. బొట్టు కాడ పెద్దలతోని కొట్లాడటానికి మీకు ధైర్యం చాలకపోతే ఆ సంగతి తర్వాత చూసుకోండి. మెసేజ్ మాత్రం మీ చేతుల ఉన్నది. "పిలిచేది: అమ్మ ఫలానా" అని టైపు చేయటానికి ఏ ముత్తయిదువ అవసరం లేదు.

అన్నిటికన్న బరువైన సంగతి జోగినుల బిడ్డలది. ఈ జిల్లాల మన మాల మాదిగ ఆడపిల్లలను దేవునికి ఇచ్చినమని చెప్పి ఊరి దొరలకు ఇచ్చిన చరిత్ర ఉన్నది. హేమలతా లవణం లాంటోళ్లు ఇక్కడ ఏండ్ల తరబడి తిరిగి పనిచేసిండ్రు. 1988ల దేవదాసీ, జోగిని అంకితాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. చట్టం వచ్చింది కాని, ఆ తల్లుల బిడ్డలకు, వాళ్ల మనుమలకు లగ్గాలు అయితనే ఉన్నయి. ప్రెస్సోడు ఫారం ముందల పెట్టి "తండ్రి పేరు?" అంటడు. నమూనాల ఆ ఖాళీ తప్పనిసరి. అప్పుడు మేనమామ పేరో, తాత పేరో పెట్టి నింపుతరు. లేకుంటే ఊళ్లె అందరికీ ఎరుకైన దొర పేరు నోట్లనే మింగుతరు. కన్నది, పెంచింది, చదివించింది ఆమె ఒక్కతే. అసొంటి ఇంట్ల మెసేజ్ రాసేటోడు తండ్రి పేరుతోని మొదలువెట్టే నమూనాను ముట్టద్దు. "ఫలానామ్మ బిడ్డ" అని తల్లి పేరుతోనే రాయాలె. ఎవలన్న అడిగితే జవాబు చెప్పాల్సింది ఆమె కాదు.

వాడ పేరు. "వేదిక: నందిపేట్" అని రాస్తరు. నందిపేట్ అంటే మండల కేంద్రం, ఒక్క గల్లీ కాదు. బోధన్ నుంచి వచ్చిన పెండ్లికొడుకు చుట్టం బస్టాండ్ల దిగి ఎక్కడికి పోవాలె? ఫోన్ చేస్తడు. ఫోన్ల చెప్తరు, "అంబేద్కర్ కాలనీ". మెసేజ్‌ల ఎందుకు చెప్పలే? కాలేజీ గ్రూపుల కూడ పెట్టాలె కదా. అక్కడ రెడ్డి దోస్తు, పటేల్ దోస్తు ఉంటరు. కాలనీ పేరు చూస్తే తెలిసిపోతదని. తెలియని దోస్తు దోస్తేనా అన్నది పక్కకు పెడుదాం. కాలనీ పేరు దాచినంత మాత్రాన ఆయన రాకుండ పోడు, వచ్చినంక తెలుస్తది. వచ్చి తినకుండ "పనుంది" అని పోయేదుంటే అక్కడనే పోతడు. మీరు దాచింది ఆయనకోసం కాదు, మీ కోసం. ఆ బోర్డు మీద బాబాసాహెబ్ పేరు పెట్టుకోవటానికి ఊళ్లల్ల మనోళ్లు ఎన్ని మాటలు పడ్డరో పెద్దలను అడగండి. పాత రోజులల్ల ఊరందరి సావు కబురు, లగ్గం కబురు మోసింది మన తాతలే, వెట్టికి. డప్పు కొట్టి చాటింపు వేసింది వాళ్లే. ఊరి కబురు అంత గట్టిగ చెప్పిన నోళ్లకు పుట్టిన మనం, మన ఇంటి కబురుల మన వాడ పేరు మింగుతున్నం.

బువ్వ టైం గురించి కూడ చెప్పాలె, ఇది చిన్నది కాదు. మన చుట్టాలల్ల ఎక్కువ మంది కైకిలి పోయేటోళ్లు. పసుపు తవ్వేకాడ, మిల్లుల కాడ, ఇండ్ల పనికాడ ఒక్క పూట మానుకుంటే ఒక్క పూట కూలి పోయినట్టే. వాళ్లకు 11:36 కన్న ముఖ్యం, దావత్ ఎప్పటిసంది ఎప్పటిదాక అన్నది. 12:30 అని ఒక్క టైమే రాస్తే రెండింటికి వచ్చినోళ్లు మొకమాటపడి బయటనే నిలబడుతరు. "12:30 నుంచి 3 దాక" అని రాస్తే పొద్దటి పని చూసుకోని వస్తరు. వంటాయనకు కూడ లెక్క తెలుస్తది.

ఇగ "దీనినే స్వయంగా పిలిచినట్టుగా భావించి", "అందరూ ఆహ్వానితులే" అన్న రెండు ముక్కలు. ఇవి మర్యాద మాటలు కాదు, తప్పించుకునే మాటలు. అందరినీ పిలిచినమంటే ఎవలినీ పేరు పెట్టి పిలవలేదని. మేనత్త అలిగేది దీనికే. మెసేజ్ పిలుపు కాదు, పిలుపు అయినంక యాది చేసేది. దగ్గరోళ్ల ఇంటికి నడిచి పోవాలె, దూరమోళ్లకు ఫోన్ చేయాలె, తర్వాత మెసేజ్ పెట్టాలె. అప్పుడు ఈ రెండు లైన్లు అక్కర పడవు. జాగ మిగులుతది. ఆ జాగల నాయనమ్మ పేరు పడుతది.

ఇప్పుడు అదే పత్రికను మళ్ల కత్తిరిద్దాం. పేర్ల కాడ ఫలానా, మీ ఇంటోళ్ల పేర్లు పెట్టుకోండి.

"జై భీమ్.
మా బిడ్డ ఫలానా, బోధన్ అబ్బాయి ఫలానా పెండ్లి చేసుకుంటున్నరు.
30 ఏప్రిల్ 2025, బుధవారం, పొద్దున 11:36కు.
దావత్: మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాక.
మా ఇంటి కాడనే, అంబేద్కర్ కాలనీ, నందిపేట్. ఆర్మూర్, నిజామాబాద్ నుంచి బస్సులున్నయి.
ఇంటిల్లిపాది రావాలె.
పిలిచేది: అమ్మ ఫలానా, బాపు ఫలానా, నాయనమ్మ ఫలానా, మేనమామ ఫలానా.
ఫోన్: అమ్మ నంబర్."

ఇది కూడ ఫోన్ల ఒక్క తెరల పడుతది. ముహూర్తం నమ్మేటోళ్లకు టైం ఉన్నది, నమ్మనోళ్లకు అది పెండ్లి టైం, అంతే. "జై భీమ్" కాడ మీ ఇంటోళ్లు ఒప్పుకోకపోతే "నమస్తే" పెట్టండి, నేను కొట్లాడ. కాలనీ పేరు కాడ, అమ్మ పేరు కాడ మాత్రం తగ్గద్దు. పెండ్లికొడుకు ఇంటోళ్లు మెసేజ్ రాస్తే వాళ్ల అమ్మ పేరు వాళ్లు రాసుకుంటరు. రెండిండ్లకు ఒక్కటే మెసేజ్ అయితే రెండు తల్లుల పేర్లూ ఉండాలె.

పొట్టి మెసేజ్ చాలు, అచ్చు పత్రిక ఎందుకు, పైసలు దండుగ అని కొందరు చెల్లెండ్లు అడిగిండ్రు. యాభై కార్డులన్న కొట్టించండి. కల్యాణలక్ష్మికి మీ సేవల పెట్టేటప్పుడు, 2002 చట్టం కింద పెండ్లి రిజిస్టర్ చేయించేటప్పుడు ఆధార్ కార్డులతోని పాటు పత్రిక, పెండ్లి ఫోటోలు చూపిస్తే పని అలకగైతది. అయితే పత్రికల పేర్లు ఆధార్ల ఉన్నట్టే ఉండాలె. ఇంట్ల పిలిచే ముద్దు పేరు కార్డు మీద పెట్టి, ఆధార్ల ఇంకో పేరుంటే, ఇద్దరూ ఒక్కరే అని నిరూపించుకుంట తిరగాలె. ఇంటిపేరు ముందా, వెనుకా అన్నది కూడ చూసుకోండి. పెండ్లిపిల్ల పేరు, తల్లి పేరు, తారీఖు ఈ మూడు ఆధార్‌తోని, బ్యాంకు బుక్కుతోని సరిచూసి, అప్పుడు ప్రెస్సుకు ఇయ్యండి. చెక్కు తల్లి పేరు మీద వస్తది గనక ఆమె పేరుల అక్షరం తప్పు పోతే డబ్బులు ఆగేది కూడ ఆమెకే.

ప్రెస్సుల కూసున్నాయన "అందరూ ఇదే మ్యాటర్ కొట్టిస్తరు" అని పాత నమూనా ముందల పెడుతడు. ఆయన తప్పు లేదు, కంప్యూటర్ల అదే ఫైల్ ఉన్నది, పేర్లు మార్చి కొడుతడు. మీ మ్యాటర్ మీరే రాసి వాట్సాప్‌ల పంపండి, ఉన్నది ఉన్నట్టు కొట్టుమనండి. ప్రూఫ్ తీసి చూపెట్టుమనండి. ప్రూఫ్ చూసేటప్పుడు అమ్మను పక్కన కూసుండబెట్టుకోండి. చదువు రాకున్నా ఆమె పేరు ఎక్కడున్నదో వేలు పెట్టి చూపెట్టండి.